"అమ్మా, లవ్ అయిపోతుందా?"

ప్రశ్న: మేడం గారూ, మా బాబుకి ఆరున్నరేళ్ళు. ఒకటో తరగతి చదువుతున్నాడు. రెండు నెలల క్రితం ఒకరోజు బడి నుంచి వచ్చి షూ విప్పుకుంటూ, "అమ్మా, మా క్లాసులో ఒకమ్మాయిని లవ్ చేస్తున్నా. పెద్దయ్యాక పెళ్ళి చేసుకుంటా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి అందరికీ చెప్పేశాను. అప్పటినుంచి మా ఆడపడుచు వాడు కనిపిస్తే చాలు, "ఏరా, మీ ఆవిడెలా ఉంది?" అంటుంది. మావారూ అందుకున్నారు. మొదట్లో వాడూ నవ్వేవాడు. ఇప్పుడు ఆ అమ్మాయి పేరెత్తితే చెవులు మూసుకుంటున్నాడు. బడిలో ఆ పిల్ల పక్కన కూర్చోవడం కూడా మానేశాడని టీచర్ చెప్పారు.

ఇంతలో మా చెల్లెలూ మరిదీ విడిపోవాలనుకుంటున్నారు. నేను ఫోన్లో మాట్లాడేది విన్నట్టున్నాడు. రాత్రి లైటు తీశాక మొదలుపెడతాడు. "నువ్వు నాన్నని లవ్ చేస్తున్నావా? పిన్ని బాబాయిని లవ్ చేయట్లేదా? లవ్ అయిపోతుందా?" నేను "నిద్రపో నాన్నా" అంటున్నాను. ఇవన్నీ ఇప్పుడే చెబితే పిల్లాడు పాడైపోతాడని మావారంటారు. వాడికి అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు. నిజం ఎంతవరకు చెప్పాలో తెలియడం లేదు.
— ఒక అమ్మ

జవాబు:

అమ్మా, ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం. మీరు రాసినవాటిలో త్వరగా సర్దుకోగలిగింది అదొక్కటే. పైగా అది సర్దుకుంటే తప్ప మిగతా ప్రశ్నలకు మీరెంత చక్కగా జవాబు చెప్పినా వాడు పూర్తిగా నమ్మడు.

వాడు మీకు చెప్పింది వాడి దృష్టిలో రహస్యం. చెప్పిన కాసేపటికి అది ఇంటిల్లిపాదికీ వేడుకైంది. ఆరేళ్ళవాడికి ఇందులో రెండు సంగతులు అర్థమవుతాయి. ఒకటి, ఎవరైనా ఇష్టమని చెబితే నవ్వులపాలవుతాం. రెండు, అమ్మకి చెబితే అందరికీ తెలిసిపోతుంది. రెండోది మరీ ఖరీదైనది. పదేళ్ళప్పుడూ పద్నాలుగేళ్ళప్పుడూ వాడు మీకు చెప్పాల్సిన కబుర్లు అదే దారిలో రావాలి.

కాబట్టి క్షమాపణ చెప్పండి. దానికోసం ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడక్కర్లేదు. పిల్లలు ముఖంలో ముఖం పెట్టి అడిగితే బిగుసుకుపోతారు, చేతులకి ఏదో పని ఉన్నప్పుడు చెవులు తెరుచుకుంటాయి. బొమ్మలు సర్దుతూనో బట్టలు మడతపెడుతూనో, "ఆ రోజు నువ్వు నాకొక్కదానికే చెప్పిన మాట నేను అందరికీ చెప్పేశాను. అది నా తప్పు. నిన్ను అడిగి ఉండాల్సింది. ఇకమీదట నువ్వు చెబితేగాని చెప్పను" అనండి. అంతే. "అత్త సరదాకే అందిలే" అని చివర్న తగిలించకండి, చెప్పిన క్షమాపణ కాస్తా చప్పబడుతుంది. వాడు "సరే" అని కూడా అనకపోవచ్చు. అనకపోయినా ఫరవాలేదు.

మీ ఆడపడుచుతో రెండు రకాలుగా మాట్లాడొచ్చు. వాడు లేనప్పుడు చెబితే ఆవిడ మనసు నొచ్చుకోదు. కానీ మీరు తనవైపు నిలబడ్డారని వాడికి తెలియదు. ఆవిడ ఆటపట్టిస్తున్నప్పుడు అక్కడే, "వదినా, ఆ మాట వాడికి నచ్చట్లేదు, వదిలేద్దాం" అంటే వాడికి కొండంత ధైర్యం. ఆవిడకి మాత్రం ఒక పూట మాడిన ముఖం. నేనైతే ముందు చాటుగా చెప్పి చూస్తాను. మళ్ళీ అంటే మాత్రం వాడి ఎదుటే ఆపుతాను. మీ వారిని ఆపడం ఇంకా ముఖ్యం. అత్త వచ్చి వెళ్ళే మనిషి, నాన్న రోజూ ఇంట్లో ఉండే మనిషి.

ఇక వాడు చెప్పిన ఆ 'లవ్' నిజమేనా? పెద్దపిల్లలు 'క్రష్' అంటున్నది ఈ వయసులోనూ ఉంటుందా? ఉంటుంది. ఎలేన్ హాట్‌ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 4 నుంచి 18 ఏళ్ళ వయసు వాళ్ళని ఇదే అడిగి 1988లో ఆ వివరాలు ప్రచురించారు. ఒకరి గురించే పదేపదే తలుచుకోవడం, వాళ్ళ దగ్గరే ఉండాలనిపించడం చిన్నపిల్లలూ చెప్పారు. అయితే దాని వెనక పెద్దవాళ్ళ ఊహలేవో ఉన్నాయనుకోకండి. మీవాడి కోరిక బహుశా ఆటలో ఆ అమ్మాయి తన జట్టులో ఉండాలి, తన పెన్సిలే తీసుకోవాలి, అంతవరకే. ఆ ఇష్టానికి వాడికి దొరికిన పేరు 'లవ్'. ఇంట్లో మనం ఒకరినొకరం "ప్రేమిస్తున్నాను" అనుకోం కదా. ఆ మాట వాడికి తెర మీదే వినపడుతుంది. అక్కడ లవ్ తర్వాత వచ్చేది పెళ్ళి. అందుకే షూ విప్పుకునేంతలో రెండూ కలిపి చెప్పేశాడు.

ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు మాట దిద్దుతారు. "దాన్ని లవ్ అనరు, ఫ్రెండ్ అనాలి" అని. నాకది నచ్చదు. వాడి మనసులో ఉన్నదానికి మనం వేరే చీటీ అంటించినంత మాత్రాన అది మారదు, మనకి చెప్పడం తగ్గుతుందంతే. దానికి బదులు అడగండి: "ఆ అమ్మాయి దగ్గరుంటే ఎలా ఉంటుంది?" కడుపులో గిలిగిలి అంటాడు, బుగ్గలు వేడెక్కుతాయంటాడు, లేదా "బాగుంటుంది" అని ఊరుకుంటాడు. "ఎవరైనా బాగా ఇష్టమైతే ఒక్కోసారి అలా అవుతుంది. అది తప్పు కాదు. కొన్నాళ్ళుంటుంది, కొన్నిసార్లు దానంతటదే పోతుంది. పోయినా మీరు ఆడుకోవచ్చు" అనండి. క్రష్ గురించి ఆరేళ్ళకి ఇంతకన్నా అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం కలపాలి. దానికి మన భాషలోనే మంచి మాట ఉంది: ఇష్టం. "నాకు ఆ బొమ్మ ఇష్టం" అంటాం, "నాకు నువ్వంటే ఇష్టం" అంటాం. మళ్ళీ ఎవరినైనా బలవంతపెట్టకూడదనుకున్నప్పుడు "నీ ఇష్టం" అంటాం. ఒకే మాటకి నచ్చడమనే అర్థమూ ఉంది, తేల్చుకునే హక్కు అనే అర్థమూ ఉంది. పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. "బొమ్మ నీకు ఇష్టమైతే తెచ్చుకుని నీ దగ్గర పెట్టుకోవచ్చు. బొమ్మకి ఇష్టం ఉండదు కదా. మనిషికి ఉంటుంది. నీకు ఆ అమ్మాయి ఇష్టం. నీతో ఆడాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టం." రేపు ఆ పిల్ల వేరేవాళ్ళ పక్కన కూర్చున్నప్పుడు వీడికి ఏడుపొస్తుంది. అప్పుడు పట్టుకోవడానికి ఈ మాట ఉంటుంది. "బాధగా ఉంది కదూ. అయినా అది ఆ అమ్మాయి ఇష్టం" అని మీరు అనగలరు. "ఇంకో ఫ్రెండ్‌ని వెతుక్కో" అనడం కన్నా ఇది నయం. ముద్దులకీ కౌగిలింతలకీ ఇదే వర్తిస్తుంది, వాడివైపు నుంచి కూడా. ఇష్టం లేనప్పుడు ఎవరికీ ముద్దు ఇవ్వక్కర్లేదు, ఆ అడిగినవాళ్ళు బంధువులే అయినా సరే.

పెళ్ళి దగ్గరికొద్దాం. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి ఒప్పుకోవాలి. మా అమ్మాయి ఐదేళ్ళప్పుడు "పెళ్ళంటే ఏంటి?" అనడిగింది. పిల్లలతో మాట్లాడటమే పనిగా ఉన్న మనిషిని కదా, పావుగంట సేపు ప్రేమ, బాధ్యత, కుటుంబం అంటూ చెప్పాను. అంతా విని, "అయితే నా మంచం ఎవరిదవుతుంది?" అంది. పెళ్ళయినవాళ్ళు వేరే ఇంటికి వెళ్ళిపోతారని ఎక్కడో విని, తననీ పంపించేస్తారేమోనని భయపడింది. అడిగినది పెళ్ళి గురించి కాదు, మంచం గురించి. అప్పటినుంచి ఏ ప్రశ్నకైనా ముందు "నీకేమనిపిస్తోంది?" అనో "ఎక్కడ విన్నావు?" అనో అడగడం అలవాటు చేసుకున్నాను. సగం జవాబు వాళ్ళ దగ్గరే ఉంటుంది. మనం దిద్దాల్సింది మిగతా సగమే.

మీవాడికి పెళ్ళిని ఇలా చెప్పొచ్చు: "ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరికీ ఇష్టమై, మనం ఒక కుటుంబంగా ఉందాం, ఒకరినొకరు చూసుకుందాం అని మాట ఇచ్చుకోవడం." ఈ వాక్యంలో వాడికి అవసరమైనదంతా ఉంది. "పెద్దవాళ్ళు" అన్నందుకు, తన పెళ్ళి ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం కాదని తెలుస్తుంది. ఎంత పెద్దవాళ్ళని అడిగితే, చాలా దేశాల్లో కనీసం 18 ఏళ్ళు నిండాలని చట్టమే ఉందని చెప్పండి, పిల్లలకి అంకెలంటే గురి. "ఇద్దరికీ ఇష్టమై" అన్నందుకు, ఒక్కరు నిర్ణయించుకుంటే సరిపోదని తెలుస్తుంది. "మాట ఇచ్చుకోవడం" అన్నందుకు, లవ్ వేరు పెళ్ళి వేరు అని తెలుస్తుంది: ఒకటి మనసుకి అనిపించేది, రెండోది చేసే పని. అందరూ పెళ్ళి చేసుకోరనీ, చేసుకోనివాళ్ళకీ ప్రేమించే మనుషులుంటారనీ అవకాశం వచ్చినప్పుడు అనేయండి.

ఏదో ఒకరోజు "అయితే నిన్నే పెళ్ళి చేసుకుంటా" అంటాడు. ఈ వయసు పిల్లలు చాలామంది అనేదే. దానర్థం "నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళను" అని. "అమ్మా పిల్లలూ పెళ్ళి చేసుకోరు. పెళ్ళి చేసుకోకుండానే నేను నీదాన్ని కదా" అంటే తృప్తిపడతాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పిన్ని గురించి అడుగుతున్నట్టు కనిపిస్తున్నాడుగాని, వాడడిగేది తన గురించి. బాబాయి మీద లవ్ అయిపోయిందంటే నాన్న మీదా అయిపోవచ్చు, ఆ తర్వాత నా మీదా అయిపోవచ్చు. పిల్లల లెక్క ఇలాగే సాగుతుంది. పెద్దవాళ్ళు పోట్లాడుకుంటే తమవల్లేనేమో అనుకోవడం కూడా ఈ వయసులో మామూలే. "నిద్రపో" అన్న ప్రతి రాత్రీ వాడు ఆ లెక్కని ఒంటరిగా చేసుకుంటున్నాడు. చీకట్లో అడగడం చూస్తే, మీ ముఖం కనపడకుండా ఉండాలనుకుంటున్నాడేమో అనిపిస్తుంది నాకు.

ఆ మాటలు ఇలా సాగొచ్చు. నా దగ్గరికొచ్చే తల్లులతో ఈ రకంగా ముందే అనుకునిపెట్టుకోమంటాను.

"పిన్ని బాబాయిని లవ్ చేయట్లేదా?"

"ఏం విన్నావురా?"

"పిన్ని ఏడ్చింది. ఇంక కుదరదంది."

"అవును, ఏడ్చింది. నాకూ బాధేసింది. పిన్నీ బాబాయీ ఒకే ఇంట్లో ఉండలేకపోతున్నారు. బాగుచేసుకోవాలని చాలాసార్లు చూశారు. ఇక వేరే వేరే ఇళ్ళలో ఉందామనుకుంటున్నారు."

"ఎందుకు?"

"అది వాళ్ళిద్దరి మధ్య విషయం. మనమెవరం చేసింది కాదు. నువ్వు చేసింది అసలే కాదు."

"లవ్ అయిపోయిందా?"

"పెద్దవాళ్ళ మధ్య ఉండే ప్రేమ ఒక్కోసారి మారిపోతుంది. నీ మీద నాకున్నది అలాంటిది కాదు. నువ్వు పుట్టినప్పటి నుంచి నేను నీ అమ్మని. నీ మీద కోపం వచ్చినప్పుడు కూడా నీ అమ్మనే. అది అయిపోదు."

ఈ మాటల్లో కొన్ని కావాలని వదిలేశాను. తప్పెవరిదన్నది లేదు. ఆ వివరం వాడికి అక్కర్లేదు, పైగా రేపు బాబాయి కనిపిస్తే ఎలా చూడాలో తెలియక నలిగిపోతాడు. "అమ్మానాన్నలందరూ పిల్లల్ని ఎప్పటికీ ప్రేమిస్తారు" అన్నది కూడా లేదు. అందరి తరఫునా హామీ ఇవ్వలేం. "నేను" అని చెప్పండి, అది మీరు నిలబెట్టుకోగలరు. మీ చెల్లెలికి పిల్లలుంటే, వాళ్ళకి ఈ సంగతి తెలిసిందా లేదా ముందు కనుక్కోండి. మీవాడి నోటి ద్వారా వాళ్ళకి తెలియకూడదు.

దీని వెనకే వస్తుంది: "నువ్వూ నాన్నా విడిపోతారా?" "ఎప్పటికీ విడిపోం" అంటే వాడు ఆ రాత్రి హాయిగా పడుకుంటాడు. కానీ మీరిద్దరూ గట్టిగా పోట్లాడుకున్న మర్నాడు ఆ మాట మీద వాడికి అనుమానం మొదలవుతుంది. రెండో దారి, "మాకు అలాంటి ఆలోచన లేదు. అప్పుడప్పుడు గొడవపడతాం, మళ్ళీ మాట్లాడుకుంటాం. మన ఇంట్లో ఏ పెద్ద విషయం జరిగినా నీకు మేమే చెబుతాం, చాటుగా వినాల్సిన పనిలేదు" అనడం. ఇది కాస్త తక్కువ తీపిగా ఉంటుంది, వాడు మరో రెండు రోజులు అడుగుతాడు. అయినా నా ఓటు దీనికే. మీ దాంపత్యంలో నిజంగానే ఇబ్బందులుంటే "ఆలోచన లేదు" అన్న ముక్క తీసేసి మిగతాది చెప్పండి. మీ ఇద్దరి మధ్యా ప్రేమ ఉందా అని అడిగితే, ఉంటే "ఉంది" అనండి. పగటిపూట కనబడే గుర్తొకటి జోడించండి: "నాన్నకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నాను చూశావా, అది కూడా ప్రేమే." ముద్దులూ పాటలూ మాత్రమే లవ్ అనుకుంటున్నవాడికి ఆ జ్వరం రాత్రి బాగా పనికొస్తుంది.

చెప్పింది సరిపోయిందో లేదో వాడే చూపిస్తాడు. సరిపోతే మాట మార్చేస్తాడు, రేపు ఆటల పీరియడ్ ఉందంటాడు. ఎక్కువైతే దుప్పటి అంచు నలుపుతూ వినడం మానేస్తాడు. తక్కువైతే అదే ప్రశ్న మర్నాడు ఇంకో వేషంలో వస్తుంది. "పిన్ని మనింటికొస్తుందా?" అనో "నాన్న లేటెందుకైంది?" అనో.

మీ వారి భయం అర్థమవుతుంది. చాలామంది తండ్రులు "ఇవన్నీ" అన్నప్పుడు వాళ్ళ మనసులో ఉండేది ప్రేమా పెళ్ళీ కాదు, ఆ తర్వాత పిల్లలెలా పుడతారన్న ప్రశ్న. అది వేరే మాట, మీవాడింకా అడగలేదు. అడిగినరోజు దానికీ చిన్న నిజమైన జవాబుంది: "అమ్మ కడుపులో గర్భసంచి అని ఒక చోటు ఉంటుంది, బిడ్డ అక్కడ పెరుగుతుంది." ఇప్పటి ప్రశ్నలకి మాత్రం వయసు చాలదనడం సరికాదు. యునెస్కో 2018లో సవరించి ప్రచురించిన మార్గదర్శకాల్లో 5 నుంచి 8 ఏళ్ళ పిల్లలకే స్నేహం, ప్రేమ, రకరకాల కుటుంబాలు, పెళ్ళి గురించి చెప్పాల్సిన మాటలున్నాయి. అయినా ఆయన ఒప్పుకోకపోతే పోట్లాడకండి. ఆయన మాట్లాడకుండా ఉండొచ్చు, కానీ మీరు చెప్పినదాన్ని కొట్టిపారేయకుండా ఉంటే చాలని అడగండి. ఇద్దరూ మౌనంగా ఉండటమే నాకు భయం. మన దగ్గర దొరకని జవాబుని పిల్లలు తెర మీదో, తమకన్నా రెండేళ్ళు పెద్ద పిల్లల దగ్గరో వెతుక్కుంటారు.

ఒక విషయంలో మాత్రం ఆగకండి. ఎవరైనా పెద్దవాళ్ళో పెద్దపిల్లలో "నువ్వంటే ఇష్టం, ఈ సంగతి అమ్మకి చెప్పకు" అంటే వెంటనే వచ్చి చెప్పాలని, చెబితే మీరు కోప్పడరని ఇప్పుడే చెప్పి ఉంచండి. పుట్టినరోజు కానుక లాంటివి కొన్నాళ్ళు దాచి తర్వాత అందరికీ చెప్పేవి. ఎప్పటికీ చెప్పొద్దనేది మంచి రహస్యం కాదు. వాడి ఆటల్లో వయసుకి మించిన శరీర చేష్టలు కనిపించినా, బడి అంటే కడుపునొప్పి అనడం వారాల తరబడి సాగినా, పిల్లల డాక్టర్నో కౌన్సెలర్నో కలవండి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ నాకు కనపడలేదు.

టీచర్‌తో కూడా ఒక మాట చెప్పండి. వాళ్ళిద్దరినీ మళ్ళీ పక్కపక్కన కూర్చోబెట్టమని కాదు. క్లాసులో ఎవరైనా జంటలు కట్టి ఆటపట్టిస్తుంటే ఆపమని. ఆ అమ్మాయి పేరు మీరుగా ఎత్తకండి, "ఇప్పుడు మాట్లాడుతున్నావా?" అని ఆరా తీయకండి. వాడే మళ్ళీ ఏదో ఒకరోజు షూ విప్పుకుంటూ ఎత్తుతాడు. అప్పుడు "ఊఁ, ఆ తర్వాత?" అని రెండో షూ కూడా విప్పేదాకా పక్కన కూర్చోండి. ఆ సాయంత్రం ఫోన్ మాత్రం ముట్టుకోకండి.